ఫోటోలోని వెన్ చిత్రం, సత్య పట్టిక చదివి జవాబు చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మూడు సమితుల వెన్ చిత్రాన్ని గాని, మూడు ప్రవచనాల సత్య పట్టికను గాని ఫోటోలో చూసి జవాబు రాయవలసిన వారి కోసం ఈ పుట. ఈ రెండూ వేర్వేరు పాఠాల్లో కనిపిస్తాయి గాని, లోపలి నిర్మాణం ఒక్కటే: వెన్ చిత్రంలోని ఒక్కొక్క ప్రాంతం సత్య పట్టికలోని ఒక్కొక్క అడ్డు వరుసకు సరిపోతుంది. కింది జవాబులన్నీ ఈ సంబంధం మీదే ఆధారపడ్డాయి.

ఫోటో చేతికి రాగానే మొదట చేయవలసిన పని ఏమిటి?

ప్రశ్న జోలికి వెళ్లకముందే, బొమ్మలో ఉన్నదంతా ఒక కాగితం మీద ఎనిమిది వరుసలుగా రాసుకోవాలి. మూడు వృత్తాలు ఒకదానినొకటి ఖండించుకున్నప్పుడు లోపల ఏడు ప్రాంతాలు, బయట ఒకటి, మొత్తం ఎనిమిది ప్రాంతాలు ఏర్పడతాయి. ఏ ప్రాంతాన్ని తీసుకున్నా A లో ఉందా, B లో ఉందా, C లో ఉందా అనే మూడు ప్రశ్నలకు అవును, కాదు అనే జవాబులు చెబితే చాలు, దాని చిరునామా తెలిసిపోతుంది.

ఈ పుటలో చివరి వరకు ఒకే ఉదాహరణను వాడుకుందాం. 120 మంది పాఠకులను అడిగితే A కథలు చదివేవారు, B చరిత్ర చదివేవారు, C విజ్ఞానశాస్త్రం చదివేవారు అని మూడు వృత్తాలు గీశారు, దీర్ఘచతురస్రం మూలన 120 అని రాశారు అనుకుందాం. బొమ్మలోని సంఖ్యలను వరుసలుగా మార్చితే ఇలా వస్తుంది. ఇక్కడ T అంటే ఆ వృత్తం లోపల, F అంటే బయట.

```
A B C   సంఖ్య
T T T     6
T T F    11
T F T     7
T F F    28
F T T     9
F T F    19
F F T    14
F F F    26
```

ఎనిమిదింటినీ కూడితే 120 వస్తుంది. ఇలా కూడి చూడటం ఐచ్ఛికం కాదు. బొమ్మ సరిగ్గా చదివామని చెప్పగలిగే మొదటి సాక్ష్యం ఇదే.

రెండు వృత్తాలు కలిసే చోట రాసిన సంఖ్య ఆ చిన్న ప్రాంతానిదా, మొత్తం ఛేదనానిదా?

తప్పు జవాబులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, కనుక కొంత వివరంగా చెప్పాలి. A, B మాత్రమే కలిసే ప్రాంతంలో 11 అని ఉంటే, సాధారణ సంప్రదాయం ప్రకారం అది C లో లేకుండా A లోను B లోను ఉన్నవారి సంఖ్య. అప్పుడు A ∩ B మొత్తం 11 + 6 = 17 అవుతుంది. అయితే కొందరు ప్రశ్నలో ఇచ్చిన A ∩ B విలువనే తెచ్చి అదే చోట రాసేస్తారు. మరికొందరు వృత్తం అంచు పక్కన, A అనే అక్షరం కిందనే, ఆ వృత్తం మొత్తం సంఖ్యను రాస్తారు. అది ఒక్కోసారి అంచుకు ఆనుకుని లోపల ఉన్నట్టే ఫోటోలో కనిపిస్తుంది.

ఏ సంప్రదాయం పాటించారో ఊహించనక్కరలేదు, మొత్తం సంఖ్యతో పరీక్షించవచ్చు. మన బొమ్మలో 11, 7, 9 అనేవి పూర్తి ఛేదనాలని అనుకుని చూద్దాం. మధ్యలోని 6 తీసివేస్తే జంట ప్రాంతాలకు 5, 1, 3 మిగులుతాయి. వృత్తాల్లోని 28, 19, 14 ఆయా ప్రాంతాలకే చెందినవైతే మొత్తం 28 + 19 + 14 + 5 + 1 + 3 + 6 + 26 = 102 వస్తుంది. అది 120 కాదు. పోనీ 28, 19, 14 కూడా పూర్తి వృత్తాల సంఖ్యలే అనుకుంటే, మూడింటి సమ్మేళనం 61 − 27 + 6 = 40, బయటి 26 తో కలిపి 66 మాత్రమే. అదీ 120 కాదు. ప్రతి సంఖ్యా తన ప్రాంతానికే చెందినదనుకున్నప్పుడు మాత్రమే లెక్క సరిపోతుంది కనుక ఆ సంప్రదాయమే ఇక్కడ పాటించారని నిర్ధారించవచ్చు.

మొత్తం సంఖ్య ఇవ్వని బొమ్మలో ఈ పరీక్ష కుదరదు. అయినా ఒక సూచన మిగులుతుంది: మధ్య ప్రాంతంలోని సంఖ్య ఏదైనా జంట ప్రాంతంలోని సంఖ్య కంటే పెద్దదైతే, ఆ జంట సంఖ్య పూర్తి ఛేదనం అయ్యే అవకాశమే లేదు, ఎందుకంటే పూర్తి ఛేదనంలో మధ్య ప్రాంతం కూడా భాగమే.

ఒక అంకె మసకగా ఉండి 11 లాగానూ 17 లాగానూ కనిపిస్తే ఏం చేయాలి?

మిగిలిన ఏడు సంఖ్యలను కూడి మొత్తంలోంచి తీసివేయాలి. మన ఉదాహరణలో మిగిలినవి కూడితే 109, కనుక మసకబారిన సంఖ్య 11. దాన్ని 17 గా చదివితే మొత్తం 126 అవుతుంది. 1 కి 7 కి, 0 కి 6 కి, 3 కి 8 కి మధ్య సందేహం వచ్చిన ప్రతిసారీ ఇదే దారి. ఒకవేళ A వృత్తం మొత్తం 52 అని ప్రశ్నలోనే ఇచ్చి ఉంటే, 28 + 7 + 6 = 41 ని తీసివేసి అదే 11 ని మరో దారిలో రాబట్టవచ్చు. రెండు దారులూ ఒకే సంఖ్యను చూపితే ఇక సందేహం అక్కరలేదు.

అయితే ఒకే సమీకరణంతో ఒకే ఒక తెలియని అంకెను మాత్రమే తేల్చగలం. రెండు ప్రాంతాల్లో మసక ఉంటే ఏమవుతుందో చివరి ప్రశ్నలో చూడండి.

వృత్తాల బయట ఏమీ రాయకపోతే అక్కడ సున్నా అనుకోవచ్చా?

వెంటనే అనుకోకూడదు. దీర్ఘచతురస్రం గీసి, విశ్వసమితి సంఖ్య ఇచ్చి, బయట ఖాళీగా వదిలితే, బయటి సంఖ్యను మనమే తీసివేతతో కనుక్కోవాలని అర్థం. దీర్ఘచతురస్రమే లేకపోతే బొమ్మ మూడు వృత్తాల గురించి మాత్రమే చెబుతోంది, పూరక సమితి గురించి అడిగే ప్రశ్నకు అందులో జవాబు ఉండదు. ఫోటో అంచు దగ్గర దీర్ఘచతురస్రపు గీత తెగిపోయి కనిపిస్తే, ఆ మూలన ఒక సంఖ్య ఉండి కత్తిరింపులో పోయి ఉండవచ్చు. బయటి సంఖ్యను చాలామంది మూలకే రాస్తారు కనుక ఇది తరచుగా జరిగేదే.

ఒక ప్రాంతాన్ని గీతలతో నింపి ఉంటే దాని అర్థమేమిటి?

అది ఏ రకం ప్రశ్నో చూసి తేల్చాలి. పాఠ్యపుస్తకాల సమితుల అధ్యాయంలో గీతలు నింపిన ప్రాంతం అంటే అడిగిన సమితి అదేనని అర్థం. కాని జాన్ వెన్ 1880 లో ఈ చిత్రాలను ప్రతిపాదించినప్పుడు గీతలు నింపడం అంటే ఆ ప్రాంతంలో ఎవరూ లేరని చెప్పడం. తర్కశాస్త్రంలో వాక్యాల సమంజసత్వాన్ని పరీక్షించే బొమ్మల్లో ఈనాటికీ రెండవ అర్థమే వాడుకలో ఉంది. రెండు అర్థాలూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం కనుక, "ప్రతి A ఒక B" వంటి వాక్యాలు బొమ్మ పక్కన ఉంటే శూన్యాన్ని సూచించే అర్థాన్ని, A ∪ B వంటి గుర్తులు ఉంటే సమితిని సూచించే అర్థాన్ని తీసుకోవడం సబబు.

ఫోటోలో మరో చిక్కు కూడా ఉంది. కాగితం మీద పడిన నీడ కూడా నింపిన ప్రాంతంలాగే కనిపిస్తుంది. నీడ వృత్తాల అంచులను లెక్కచేయకుండా దాటిపోతుంది, చేతితో నింపిన గీతలు మాత్రం అంచు దగ్గర ఆగుతాయి.

వృత్తాలు ఒకదానినొకటి తాకకుండా ఉంటే, లేదా ఒకటి మరొకదాని లోపల ఉంటే?

కచ్చితంగా చెప్పాలంటే అది వెన్ చిత్రం కాదు, ఆయిలర్ చిత్రం. అక్కడ గీయని ప్రాంతం అంటే శూన్యమైన ప్రాంతం. B వృత్తం A లోపల పూర్తిగా ఉంటే, A లో లేకుండా B లో ఉన్న ప్రాంతాలన్నీ సున్నా అని మన ఎనిమిది వరుసల పట్టికలో రాసుకుని మామూలుగానే ముందుకు సాగవచ్చు.

లెక్కింపు ప్రశ్నల్లో "మాత్రమే", "కనీసం", "సరిగ్గా", "లేదా" అనే మాటలను ఎలా అర్థం చేసుకోవాలి?

ఏ మాటకైనా పట్టికలో ఏయే వరుసలు పనికొస్తాయో గుర్తుపెట్టి, ఆ వరుసల సంఖ్యలను కూడాలి. సరిగ్గా రెండు రకాల పుస్తకాలు చదివేవారెందరు అంటే రెండు T లు, ఒక F ఉన్న వరుసలు: 11 + 7 + 9 = 27. కనీసం రెండు అంటే వాటితో పాటు మూడు T లున్న వరుస కూడా చేరి 33 అవుతుంది. "A లేదా B" అన్నప్పుడు రెండూ చదివేవారూ లెక్కలోకి వస్తారు, కనుక C మాత్రమే చదివే 14 మందిని, ఏదీ చదవని 26 మందిని వదిలి మిగిలిన 80 మందీ అందులోకి వస్తారు. "A లేదా B, కాని C కాదు" అంటే 28 + 19 + 11 = 58.

"కథలూ చదవని, చరిత్రా చదవని వారు" అన్నది A, B రెండింటిలోనూ F ఉన్న వరుసలు, అంటే 14 + 26 = 40. ఇదే సంఖ్య 120 నుంచి 80 ని తీసివేసినా వస్తుంది. A′ ∩ B′ = (A ∪ B)′ అన్న డి మోర్గాన్ నియమం ఇక్కడ రెండు వేర్వేరు లెక్కలుగా కనిపించి ఒకే చోటికి చేరుతోంది. కూడిక, తీసివేత రెండు దారుల్లోనూ చేసి సరిచూసుకునే అలవాటును నేను గట్టిగా సమర్థిస్తాను, ఎందుకంటే వరుసను తప్పుగా ఎంచుకున్న పొరపాటు ఒకే దారిలో లెక్కిస్తే బయటపడదు.

సత్య పట్టిక ఫోటోలో ఏయే విషయాలు సరిచూడాలి?

మొదట అడ్డు వరుసలను లెక్కపెట్టాలి. రెండు ప్రవచనాలకు 4, మూడింటికి 8, నాలుగింటికి 16 ఉండాలి. తక్కువైతే ఫోటోలో ఏదో తెగిపోయింది. తరువాత వరుసల క్రమం చూడాలి. కొందరు TTT తో మొదలుపెట్టి FFF తో ముగిస్తారు, 0, 1 లు వాడేవారు 000 తో మొదలుపెట్టి 111 తో ముగిస్తారు. రెండు వేర్వేరు ఫోటోల్లోని నిలువు వరుసలను పోల్చవలసి వస్తే, ఎడమవైపు ఉన్న p, q, r విలువలను చూసి వరుసలను జతచేయాలి తప్ప పైనుంచి ఎన్నో వరుస అన్న లెక్కను బట్టి జతచేయకూడదు.

అక్షరాల మసక కూడా ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. చేతిరాతలో F కి మధ్య గీత పలుచబడితే అది T లా కనిపిస్తుంది. ఎడమవైపు నిలువు వరుసల్లో ఈ అనుమానాన్ని సులువుగా తీర్చుకోవచ్చు: p కింద సగం T లు, సగం F లు ఉండాలి, ఏ రెండు అడ్డు వరుసలూ ఒకేలా ఉండకూడదు. ఫలితం ఉన్న నిలువు వరుసకు అలాంటి నియమం లేదు కనుక, దాన్ని ఫోటో నుంచి చదవడం కంటే మళ్లీ స్వయంగా లెక్కగట్టడమే మేలు.

పట్టికలో ప్రతి గుర్తు కిందా ఒక్కో నిలువు వరుస రాసే పద్ధతి ఒకటుంది. అందులో మొత్తం ప్రవచనపు విలువ చివరి నిలువు వరుసలో ఉండదు, ప్రధాన సంయోజకం కింద ఉంటుంది. (p ∧ q) → r లో అది బాణం గుర్తు కింద ఉన్న నిలువు వరుస.

వ్యతిరేకాన్ని సూచించే పై గీత ఫోటోలో స్పష్టంగా లేకపోతే జవాబు మారుతుందా?

మారుతుంది. p + q మీద ఒకే పొడుగు గీత ఉంటే మొత్తం వియోగానికి వ్యతిరేకం, అంటే రెండూ అసత్యమైనప్పుడు మాత్రమే సత్యం. రెండు అక్షరాల మీద రెండు చిన్న గీతలుంటే, రెండూ సత్యమైనప్పుడు తప్ప మిగతా మూడు వరుసల్లోనూ సత్యం. గీత మధ్యలో, + గుర్తు పైన, చిన్న ఖాళీ ఉందో లేదో ఫోటోను పెద్దది చేసి చూడాలి. చూసినా తేలకపోతే, పక్కనే ఫలితాల నిలువు వరుస ఉంటే దానిలో ఎన్ని T లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకటే ఉంటే పొడుగు గీత, మూడు ఉంటే చిన్న గీతలు.

రెండు ప్రవచనాలు తర్కతుల్యాలా కావా అన్నది పట్టికతో ఎలా తేల్చాలి?

అన్ని అడ్డు వరుసల్లోనూ వాటి విలువలు ఒకటే అయితే తుల్యాలు, ఒక్క వరుసలో తేడా వచ్చినా కావు. ఈ నియమం అందరికీ తెలిసిందే, కాని ఫోటోలో అది ఎలా మోసం చేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. p → (q → r), (p → q) → r అనే రెండు ప్రవచనాలను తీసుకోండి. p → q అసత్యమయ్యేది p సత్యమై q అసత్యమైనప్పుడు మాత్రమే అని గుర్తుంచుకుంటే ఈ కింది విలువలు వస్తాయి.

```
p q r   p→(q→r)   (p→q)→r
T T T      T         T
T T F      F         F
T F T      T         T
T F F      T         T
F T T      T         T
F T F      T         F
F F T      T         T
F F F      T         F
```

మొదటి ఐదు వరుసల్లో ఏ తేడా లేదు. ఫోటోలో కింది మూడు వరుసలు తెగిపోతే ఈ రెండూ తుల్యాలన్న తప్పుడు నిర్ణయానికి ఎవరైనా వస్తారు. ఆరవ, ఎనిమిదవ వరుసలే అసలు సంగతి చెబుతాయి. p → (q → r) కి నిజంగా తుల్యమైనది (p ∧ q) → r. రెండూ TTF వరుసలో మాత్రమే అసత్యం. కుండలీకరణాలు ఫోటోలో మసకబారినప్పుడు ప్రశ్నే మారిపోతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది, కనుక జవాబు రాసేటప్పుడు కుండలీకరణాలను ఎక్కడ ఉన్నట్టు చదివామో కూడా ఒక మాట రాయాలి.

పట్టిక పెద్దదైనప్పుడు అన్ని వరుసలూ నింపనక్కరలేదు. ఒక్కొక్క ప్రవచనం ఏ వరుసల్లో అసత్యమవుతుందో వెతికి, ఆ రెండు జాబితాలను పోల్చితే చాలు. అనుషంగికాల విషయంలో అసత్యమయ్యే వరుసలు తక్కువగా ఉంటాయి కనుక ఈ దారి త్వరగా ముగుస్తుంది.

వెన్ చిత్రంలోని సంఖ్యలతో తుల్యతను పరీక్షించవచ్చా?

తుల్యాలు కావని చూపడానికి పనికొస్తుంది, తుల్యాలని నిరూపించడానికి పనికిరాదు. "కథలు చదివితే చరిత్ర కూడా చదువుతారు" అన్న షరతు ఎందరి విషయంలో నిలుస్తుందో లెక్కిద్దాం. అది విఫలమయ్యేది A లో ఉండి B లో లేనివారి విషయంలో మాత్రమే: 28 + 7 = 35. కనుక 85 మంది విషయంలో నిలుస్తుంది. కథలే చదవనివారు కూడా ఈ 85 లో చేరడం కొత్తవారికి వింతగా తోస్తుంది, కాని p అసత్యమైనప్పుడు p → q సత్యమనే నియమానికి ఇదే అర్థం. దీని విపర్యయం "చరిత్ర చదివితే కథలు కూడా చదువుతారు". అది విఫలమయ్యేది 19 + 9 = 28 మంది దగ్గర, అందువల్ల 92 మంది దగ్గర నిలుస్తుంది. 85, 92 వేర్వేరు కనుక ఒక అనుషంగికం, దాని విపర్యయం తుల్యాలు కావు. "చరిత్ర చదవకపోతే కథలూ చదవరు" అన్న రూపాన్ని లెక్కిస్తే విఫలమయ్యేవారు మళ్లీ అదే 28, అదే 7 ప్రాంతాలవారు.

ఇక్కడ ఆగి ఒక తేడా గమనించాలి. మొదటి షరతును, ఈ చివరి రూపాన్ని తుల్యాలని చెప్పింది 85 అనే సంఖ్య కాదు, ప్రాంతాలు ఒకటే కావడం. మరో బొమ్మలో A లో ఉండి B లో లేనివారు, B లో ఉండి A లో లేనివారు సమానంగా 30 చొప్పున ఉంటే, అనుషంగికానికీ విపర్యయానికీ ఒకే సంఖ్య వస్తుంది, అయినా అవి తుల్యాలు కావు. ఏదైనా ప్రాంతంలో సున్నా ఉన్నప్పుడు కూడా ఇలాంటి యాదృచ్ఛిక సమానత్వం వస్తుంది.

నాలుగు సమితులకు నాలుగు వృత్తాలు గీసిన బొమ్మ వస్తే?

నాలుగు వృత్తాలు ఎలా గీసినా బయటితో కలిపి 14 ప్రాంతాలకు మించి ఏర్పడవు, కావలసినవి 16. కనుక ఆ బొమ్మలో కనీసం రెండు ప్రాంతాలు లేనట్టే. వాటిని సున్నాగా తీసుకోవాలన్నది బొమ్మ గీసినవారి ఉద్దేశమా, లేక పొరపాటా అన్నది ప్రశ్న మాటల నుంచి తేల్చుకోవాలి. 16 ప్రాంతాలూ కావాలంటే దీర్ఘవృత్తాలు గీయాలి.

రెండు సంఖ్యలు కనబడకపోతే జవాబు అసాధ్యమా?

అన్ని ప్రశ్నలకూ కాదు. మన బొమ్మలో B, C మాత్రమే కలిసే ప్రాంతం, బయటి ప్రాంతం రెండూ చదవలేకపోయామనుకోండి. మిగిలిన ఆరు ప్రాంతాల మొత్తం 85, కనుక చదవలేని రెండింటి మొత్తం 35 అని మాత్రమే తెలుస్తుంది. ఆ రెండూ A కి బయటే ఉన్నాయి కాబట్టి A సంఖ్య 52, A కానివారి సంఖ్య 68 అని ఇప్పటికీ కచ్చితంగా చెప్పవచ్చు. కనీసం ఒక్కటైనా చదివేవారెందరు అని అడిగితే మాత్రం 85 కి తగ్గదు, 120 కి మించదు అని రాసి, ఏ ప్రాంతం చదవలేకపోయామో చెప్పి ఆగాలి. B వృత్తం మొత్తం 45 అని ఎక్కడైనా దొరికితే 45 − 19 − 11 − 6 = 9 వస్తుంది, దానితో బయటి ప్రాంతం 26 అని కూడా తేలిపోతుంది.